పండగ నెలలో మెస్ రేటు ఎందుకు పెరుగుతుంది: వార్డెన్ ఉత్తరంలో ఉండాల్సిన లెక్క

సంక్రాంతికి పిల్లలు ఇళ్లకు వెళ్లిన నెలలో హాస్టల్ మెస్ బిల్లు తగ్గుతుంది, కానీ రోజు రేటు పెరుగుతుంది. ఈ రెండూ ఒకే కాగితం మీద కనిపించేసరికి తల్లిదండ్రులకు అనుమానం రావడం సహజం. "పండక్కి పది రోజులు మా గుంటడు ఇంటికాడే ఉన్నాడు కదా సారూ, మరి రోజుకి ఎనిమిది రూపాయలు పెరిగిందేటి?" అని చీపురుపల్లి వైపు నుంచో, గజపతినగరం వైపు నుంచో వార్డెన్‌కి ఫోన్ వస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. "అంతా లెక్క ప్రకారమే వేశాం" అంటే దానికి జవాబు చెప్పినట్టు కాదు. దేన్ని దేనితో భాగించారో, ఎందుకు అలాగే భాగించాలో చెప్పినప్పుడే ఆ తండ్రికి జవాబు దొరుకుతుంది.

ఈ ప్రశ్న డివైడింగ్ సిస్టం నడిచే హాస్టళ్లలోనే వస్తుంది. సంక్షేమ హాస్టళ్లలో ఒక్కో విద్యార్థికి నెలకింత అని ప్రభుత్వమే డైట్ చార్జీ నిర్ణయిస్తుంది. కొన్ని ప్రైవేటు హాస్టళ్లలో ఏడాది మొత్తానికి ఒకే ఫీజు మాట్లాడేసుకుంటారు. డివైడింగ్ సిస్టంలో రేటు ముందుగా ఎవరికీ తెలియదు. నెలంతా ఎంత ఖర్చయిందో చూసి, దాన్ని తిన్నవాళ్లందరికీ పంచుతారు. లాభం ఉండకూడదు, నష్టం మిగలకూడదు. ఆ నెల రేటు ఆ నెలాఖరులోనే పుడుతుంది. అందుకే దాన్ని ఎలా సగటు తీశారన్నది ఇక్కడ చాలా పెద్ద విషయం.

విజయనగరంలో 240 మంది ఉండే ఒక కాలేజీ హాస్టల్ ఉందనుకుందాం. అంకెలు తేలిగ్గా పట్టుబడాలని గుండ్రంగా వేసుకున్నవే, పద్ధతి మాత్రం నిజంగా హాస్టళ్లు వాడేదే. ఒక విద్యార్థికి రోజంతా కలిపి బియ్యం, పప్పు, కూరగాయలు, నూనె, పాలు, పెరుగు, టిఫిన్ సరుకులకు 80 రూపాయలు అవుతుందనుకుందాం. ఇది తినేవాళ్ల సంఖ్యను బట్టి పెరిగే, తగ్గే ఖర్చు. దీనితోపాటు వంటమాస్టర్ల జీతాలు, గిన్నెలు తోమేవాళ్ల కూలి, కరెంటు, నీళ్లు, గ్యాస్ లాంటివి నెలకు 1,48,800 రూపాయలు. 31 రోజుల నెలలో అది రోజుకు 4,800 పడుతుంది. ఇది తినేవాళ్లు ఎంతమంది ఉన్నా దాదాపు కదలని ఖర్చు.

డిసెంబరులో 240 మందీ 31 రోజులూ ఉన్నారనుకుందాం. అప్పుడు రోజు ఖర్చు సరుకులకు 19,200, స్థిర ఖర్చు 4,800, మొత్తం 24,000. తలకు సరిగ్గా 100 రూపాయలు. నెల బిల్లు 3,100.

జనవరిలో భోగికి రెండు మూడు రోజుల ముందు నుంచే హాస్టల్ ఖాళీ అవుతుంది. కనుమ దాటాక, ముక్కనుమ కూడా చూసుకుని పిల్లలు తాపీగా తిరిగి వస్తారు. అలా పది రోజులపాటు 210 మంది ఇళ్ల దగ్గర ఉన్నారనుకుందాం. మిగిలింది 30 మంది. ఊరు మరీ దూరమైనవాళ్లు, పరీక్షలకు చదువుకునేవాళ్లు, అమ్మానాన్నలు పనికోసం చెన్నైకో హైదరాబాద్‌కో వలస వెళ్లి, ఊళ్లో ఇంటికి తాళం ఉన్నవాళ్లు. ఉత్తరాంధ్ర హాస్టళ్లలో ఇలాంటి పిల్లలు ప్రతి పండక్కీ కొందరు ఉంటారు. ఈ లెక్కలో వాళ్లను మర్చిపోకూడదు.

ఆ పది రోజుల్లో ఒక రోజు పొద్దున్న మెస్‌లోకి వెళ్లి చూస్తే సంగతి కళ్లకు కడుతుంది. మామూలు రోజు స్టోర్‌లోంచి క్వింటాలుకు కాస్త తక్కువగా బియ్యం తూచి ఇచ్చే చోట, ఆ రోజు పన్నెండు కిలోలు తూచి ఇస్తే సరిపోతుంది. పెద్ద గుండిగలు బోర్లించి ఉంటాయి, చిన్న దబరలో అన్నం ఉడుకుతూ ఉంటుంది. కానీ ఆ దబర ముందు నిలబడిన వంటమాస్టర్ నెల జీతం మారలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చి పొయ్యి వెలిగించే మనిషికి, 30 మందికి వండుతున్నాడు కదా అని ఎనిమిదో వంతు జీతం ఇవ్వం. హాల్లో లైట్లూ ఫ్యాన్లూ ఎప్పటిలాగే తిరుగుతాయి. సరుకుల ఖర్చు 2,400కి పడిపోయింది, స్థిర ఖర్చు 4,800 అలాగే నిలబడింది. రోజు ఖర్చు 7,200. దాన్ని 30 మందికి పంచితే తలకు 240 రూపాయలు.

ఇదీ అసలు కారణం. పండగ రోజుల్లో తిండి ఖరీదు పెరగలేదు. అదే 80 రూపాయల తిండి. 240 మంది కలిసి మోసే బరువు 30 మంది మీద పడింది, అంతే.

ఇప్పుడు నెలాఖరు వచ్చింది. రిజిస్టర్‌లో 31 వరుసలు ఉన్నాయి. 21 రోజులకు రేటు 100 అని, 10 రోజులకు 240 అని రాసి ఉంది. నెల సగటు ఎంత?

చాలామంది చేతికి మొదట తట్టే లెక్క, ఈ 31 రేట్లనూ కూడి 31తో భాగించడం. 2,100కి 2,400 కలిపితే 4,500. దాన్ని 31తో భాగిస్తే 145 రూపాయల 16 పైసలు. చూడటానికి ఇది సగటే. బడిలో నేర్చుకున్న సూత్రం ప్రకారం తప్పు పట్టడానికి కూడా లేదు. కానీ ఈ రేటుతో బిల్లులు వేస్తే ఏమవుతుందో చూడాలి.

ఒక విద్యార్థి ఒక రోజు మెస్‌లో ఉంటే దాన్ని ఒక మెస్ డే అంటారు. జనవరిలో 21 రోజులు 240 మంది ఉన్నారు, అవి 5,040 మెస్ డేస్. పది రోజులు 30 మంది ఉన్నారు, అవి 300. మొత్తం 5,340. నెల ఖర్చు, 24,000 చొప్పున 21 రోజులకు 5,04,000, 7,200 చొప్పున పది రోజులకు 72,000, మొత్తం 5,76,000. ఇప్పుడు 145.16 రేటుతో 5,340 మెస్ డేస్‌కి బిల్లు వేస్తే వసూలయ్యేది 7,75,154 రూపాయలు. ఖర్చు కన్నా దాదాపు రెండు లక్షలు ఎక్కువ. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ దొంగ బిల్లు పెట్టలేదు. కూడిక తప్పలేదు, భాగహారం తప్పలేదు. సగటు తీసిన తీరు తప్పింది, దానితో తల్లిదండ్రుల జేబులోంచి రెండు లక్షలు పోయాయి.

తప్పు ఎక్కడుందంటే, 240 మంది తిన్న రోజుకీ 30 మంది తిన్న రోజుకీ ఆ లెక్క ఒకే విలువ ఇచ్చింది. 240 రూపాయల రేటు పడిన మెస్ డేస్ నెల మొత్తంలో 300 మాత్రమే. 5,340లో 300 అంటే వందకు ఆరు కూడా కావు. కానీ 31 రోజుల్లో పది రోజులు అంటే వందకు ముప్పై రెండు. రోజుల లెక్కన చూస్తే ఆ ఖరీదైన రేటు మూడో వంతు చోటు ఆక్రమించింది, తిన్నవాళ్ల లెక్కన చూస్తే దానికి ఉన్న చోటు చాలా చిన్నది. బిల్లు కట్టేది మనుషులు, తేదీలు కాదు. కాబట్టి సగటు మనుషుల లెక్కనే తియ్యాలి.

సరైన పద్ధతి ఇంకా సులువు. రోజువారీ రేట్ల జోలికే పోనక్కర్లేదు. నెల మొత్తం ఖర్చు 5,76,000ని నెల మొత్తం మెస్ డేస్ 5,340తో ఒక్కసారి భాగించాలి. వచ్చేది 107 రూపాయల 87 పైసలు. పండక్కి ఇంటికి వెళ్లి 21 రోజులు ఉన్న విద్యార్థి బిల్లు 2,265 రూపాయల 27 పైసలు. నెలంతా ఉన్న విద్యార్థి బిల్లు 3,343 రూపాయల 97 పైసలు. మొదటిది 210 మందికి, రెండోది 30 మందికి వేసి కూడితే 5,76,026 వస్తుంది. పైసలు సర్దినందువల్ల వచ్చిన 26 రూపాయలు తప్ప, ఖర్చూ వసూలూ సరిపోయాయి.

ఈ తప్పు ఇప్పుడు ఎక్కువగా కంప్యూటర్‌లో జరుగుతుంది. చేత్తో రాసే పాత పుస్తకంలో నెల చివర మొత్తం ఖర్చు, మొత్తం హాజరు అని రెండు కూడికలు వేసేవాళ్లు, భాగహారం ఆ కింద వచ్చేది. ఎక్సెల్ షీట్‌లో ఖర్చు ఒక కాలమ్, హాజరు ఒక కాలమ్, రోజు రేటు ఒక కాలమ్ ఉంటాయి. రేటు కాలమ్ కళ్లముందే ఉంది కాబట్టి కింద ఒక సగటు ఫార్ములా పెట్టేస్తే పని అయిపోతుందనిపిస్తుంది. B కాలమ్‌లో ఖర్చు, C కాలమ్‌లో హాజరు, D కాలమ్‌లో రోజు రేటు ఉంటే తప్పు ఫార్ములా, సరైన ఫార్ములా ఇలా ఉంటాయి.

```
=AVERAGE(D2:D32)
=SUM(B2:B32)/SUM(C2:C32)
```

మొదటిది 145.16 ఇస్తుంది, రెండోది 107.87. అందరూ రోజూ సమానంగా ఉన్న డిసెంబరులో రెండూ 100 అనే చెబుతాయి. అందుకే ఈ తప్పు నెలల తరబడి బయటపడదు. జూలై, ఆగస్టు బిల్లుల్లో తేడా పైసల్లో ఉంటుంది, ఎవరి కంటా పడదు. దసరా సెలవుల నెలలోనూ సంక్రాంతి నెలలోనూ ఒక్కసారిగా పైకి లేస్తుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది కాబట్టి, ఈ జిల్లా పిల్లలు దసరాకి ఇంటికి వెళ్తే ఆ మంగళవారం దాటేదాకా కదలరు. ఆ నెలలో కూడా హాజరు ఇలాగే పడిపోతుంది.

సరే, సరైన సగటు వచ్చింది. ఇక మొదటి ఫోన్ కాల్ దగ్గరికి రావాలి. ఇంటికి వెళ్లిన పిల్లవాడు డిసెంబరులో రోజుకు 100 కట్టాడు, జనవరిలో 107.87. అతను ఉన్న 21 రోజుల్లో ఒక్క రోజు కూడా అసలు ఖర్చు 100 దాటలేదు. మరి ఆ 7.87 ఎవరి కోసం? దాచకుండా చెప్పాలంటే, మెస్ తెరిచి ఉంచిన ఆ పది రోజుల జీతాల్లో అతని వాటా అది. 21 రోజులకు కలిపి 165 రూపాయలు. ఈ వాటా తీసేసి ఏ రోజు ఖర్చు ఆ రోజు తిన్నవాళ్లే పెట్టుకోవాలంటే, ఉండిపోయిన 30 మంది ఒక్కొక్కరూ 21 రోజులకు 2,100, పది రోజులకు 2,400, మొత్తం 4,500 కట్టాలి. పండక్కి ఇంటికి వెళ్లలేకపోయిన పిల్లవాడి మీద, వెళ్లలేకపోయినందుకే 1,156 రూపాయలు అదనంగా వేసినట్టవుతుంది. పైగా వంటమాస్టర్‌ని నెల జీతానికి పెట్టుకున్నది 240 మంది కోసం. తిరిగి వచ్చిన రోజు పొద్దున్న టిఫిన్ సిద్ధంగా ఉండాలంటే ఆ మనిషి ఆ పది రోజులూ ఉద్యోగంలో ఉండాలి. కాబట్టి ఆ జీతం అందరిదీ. ఈ విషయం వార్డెన్ ఉత్తరంలో దాచాల్సింది కాదు, ముందుగా రాయాల్సింది.

అయితే నెల సగటులోనూ ఒక చిన్న అన్యాయం ఉంది. జీతాల భారం మెస్ డేస్‌ని బట్టి పంచుతున్నాం కాబట్టి, 31 రోజులు ఉన్నవాడు 21 రోజులు ఉన్నవాడికన్నా జీతాల్లో కూడా ఎక్కువ మోస్తున్నాడు. దీన్ని సరిచేయాలంటే బిల్లును రెండుగా విడదీయాలి. 1,48,800ని 240తో భాగిస్తే ప్రతి విద్యార్థికీ 620 రూపాయలు, ఎన్ని రోజులున్నా ఇది ఒకటే. దీన్ని ఎస్టాబ్లిష్‌మెంట్ చార్జీ అంటారు. సరుకుల ఖర్చు మాత్రం రోజుకు 80 చొప్పున ఉన్న రోజులకే. అప్పుడు ఇంటికి వెళ్లినవాడి బిల్లు 620, 1,680 కలిపి 2,300. ఉండిపోయినవాడి బిల్లు 620, 2,480 కలిపి 3,100. ఇంటికి వెళ్లినవాళ్ల మీద పడిన తేడా 35 రూపాయల లోపే, ఉండిపోయినవాళ్లకు తగ్గింది 244. మొత్తం వసూలు సరిగ్గా 5,76,000. ఇంకో మేలు ఏమిటంటే, రోజు రేటు డిసెంబరులోనూ 80, జనవరిలోనూ 80 అని కనబడుతుంది. ఆ ఫోన్ కాలే రాదు. రెండు పద్ధతుల్లో ఇదే మెరుగైనది. గ్యాస్ కొంత తలల సంఖ్యను బట్టి మారుతుందనీ, 30 మందికి వండినప్పుడు మిగిలిపోయి పారబోసేది కాస్త ఎక్కువనీ అభ్యంతరం చెప్పొచ్చు. నిజమే, స్థిరం, అస్థిరం మధ్య గీత కత్తితో కోసినట్టు ఉండదు. కానీ జీతాలను విడిగా తీసినా పెద్ద భాగం సరి అవుతుంది.

సగటు ఎంత సరిగ్గా తీసినా, భాగించే రెండు అంకెలూ నిజమైనవి కాకపోతే ఫలితం ఉండదు. పై అంకె ఖర్చు. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, కొన్నదాన్ని వాడినదిగా రాసేయడం. జనవరిలో కొత్త బియ్యం వచ్చి ధర అనుకూలంగా ఉందని వార్డెన్ ఒకేసారి ఎక్కువ బస్తాలు వేయించారనుకుందాం. నెల మొదట్లో స్టోర్‌లో ఉన్న సరుకు విలువ 58,400. నెలలో కొన్నది 5,10,000. 31వ తేదీ సాయంత్రం స్టోర్‌లో మిగిలింది 1,41,200. మొదటి రెండూ కలిపి మూడోది తీసేస్తే 4,27,200. అది జనవరిలో నిజంగా వండిన సరుకు, రోజుకు 80 చొప్పున 5,340 మెస్ డేస్‌కి సరిగ్గా సరిపోయే అంకె. నిల్వలు పట్టించుకోకుండా కొనుగోలు బిల్లులు మాత్రమే కూడితే రేటు 123 రూపాయల 37 పైసలు అవుతుంది. ఫిబ్రవరిలో పిల్లలు తినబోయే బియ్యానికి జనవరి బిల్లులో డబ్బు కట్టినట్టు. ఫిబ్రవరిలో రేటు ఆ మేరకు తగ్గుతుంది కదా అనొచ్చు. కానీ జనవరిలో ఎక్కువ కట్టినవాడూ ఫిబ్రవరిలో తక్కువ కట్టేవాడూ ఒకడే కాకపోవచ్చు. విద్యా సంవత్సరం చివర హాస్టల్ వదిలి వెళ్లేవాళ్లకు ఆ డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు.

అందుకే నెలాఖరు సాయంత్రం స్టోర్ తూకం ముఖ్యం. రిజిస్టర్‌లో ఒక్కో సరుకుకు ముందు నిల్వ, వచ్చింది, వాడింది, మిగిలింది అని నాలుగు గడులు ఉంటాయి. మిగిలింది గడిని పైమూడు గడుల నుంచి లెక్కగట్టి నింపితే అది ఎప్పుడూ సరిపోతుంది, ఏమీ చెప్పదు. బస్తాలు లెక్కపెట్టి, విప్పిన బస్తాను కాటా మీద పెట్టి, నూనె డబ్బా ఎత్తి చూసి రాసినప్పుడే ఆ గడికి విలువ. మెస్ కమిటీ పిల్లలు ఇద్దరు పక్కన నిలబడి సంతకం పెడితే ఇంకా మంచిది. రిజిస్టర్ ప్రకారం ఆరు బస్తాలు ఉండాల్సిన చోట అయిదే ఉంటే, ఆ బస్తా ఏమైందో ఆ రోజే అడగొచ్చు. మార్చిలో అడిగితే ఎవరికీ గుర్తుండదు. గెస్టుల దగ్గర వసూలైన డబ్బు, ఖాళీ గోనెసంచులూ నూనె డబ్బాలూ అమ్మిన డబ్బు కూడా ఖర్చులోంచి తీసేశాకే భాగించాలి. చిన్న మొత్తాలే, అయినా అవి పిల్లల డబ్బులే.

కింది అంకె మెస్ డేస్. దీనిలో చిక్కు రిడక్షన్ నియమం దగ్గర వస్తుంది. చాలా హాస్టళ్లలో ఒకటి రెండు రోజులు ఇంటికి వెళ్తే బిల్లు తగ్గించరు, వరసగా ఇన్ని రోజులకు పైగా లేకపోతే, అదీ ముందుగా కాగితం రాసి ఇస్తేనే తగ్గిస్తారు. ఈ నియమానికి కారణం ఉంది. శనివారం సాయంత్రం నెల్లిమర్లకో బొబ్బిలికో బస్సెక్కేసిన పిల్లవాడి వాటా బియ్యం అప్పటికే తూచి ఇచ్చేసి ఉంటారు. కానీ దీనివల్ల రెండు రకాల హాజరు తయారవుతుంది. నిజంగా తిన్న రోజులు ఒకటి, బిల్లు వేసే రోజులు ఇంకొకటి. మన ఉదాహరణలో 5,340 బిల్లు వేసే రోజులు. ఆదివారాలు ఇంటికి వెళ్లినవాళ్లను తీసేస్తే నిజంగా తిన్నవి 5,100 అనుకుందాం. రేటు తీసేటప్పుడు 5,100తో భాగించి, బిల్లు వేసేటప్పుడు 5,340కి వేస్తే, రేటు 112 రూపాయల 94 పైసలు, వసూలు 6,03,100. మళ్లీ 27 వేలు ఎక్కువ. ఏ రోజులకు బిల్లు వేస్తున్నారో ఆ రోజులతోనే భాగించాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే రిడక్షన్ రెండు రోజులకు ఇచ్చినా అయిదు రోజులకు ఇచ్చినా వసూలు, ఖర్చు సమానంగానే ఉంటాయి. ఎవరి వాటా ఎంతన్నది మాత్రమే మారుతుంది.

తల్లిదండ్రులు ఇవన్నీ తిరగేసి చూడనక్కర్లేదు. ఉత్తరంలో మూడు అంకెలు ఉంటే చాలు: నెల నికర ఖర్చు, బిల్లు వేసిన మొత్తం మెస్ డేస్, రోజు రేటు. ఫోన్‌లోని కాలిక్యులేటర్‌లో రేటును మెస్ డేస్‌తో గుణిస్తే ఖర్చు రావాలి. పదుల్లో తేడా ఉంటే పైసల సర్దుబాటు. వేలల్లో ఉంటే అడగాల్సిన తేడా. 145.16తో గుణించి చూసిన ఏ తల్లికైనా ఆ రెండు లక్షలు ఒక్క నిమిషంలో కనబడతాయి. ఉత్తరంలో రేటు ఒక్కటే ఇచ్చి మిగతా రెండూ ఇవ్వకపోతే, ఎంత నిజాయితీగా లెక్క వేసినా పరీక్షించే దారి ఉండదు.

బిల్లును రెండుగా విడదీయకుండా నెల సగటుతోనే వేసే హాస్టల్‌లో ఆ ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుంది.

"తల్లిదండ్రులకు నమస్కారం. జనవరి నెల మెస్ రేటు రోజుకు 107.87 రూపాయలు వచ్చింది. డిసెంబరులో ఇది 100. సరుకుల ఖర్చు పెరగలేదు, డిసెంబరులోలాగే తలకు రోజుకు 80 రూపాయలే అయింది. పండగ పది రోజులు హాస్టల్‌లో 30 మంది పిల్లలు ఉన్నారు. వారి కోసం మెస్ నడిపాం. వంటవారి జీతాలు, కరెంటు, గ్యాస్ కలిపి నెలకు 1,48,800 ఎప్పటిలాగే అయ్యాయి, మెస్ డేస్ మాత్రం 7,440 నుంచి 5,340కి తగ్గాయి. అందువల్ల రేటు పెరిగింది. నెల నికర ఖర్చు 5,76,000. దీన్ని 5,340తో భాగించాం. రోజువారీ రేట్ల సగటు తీయలేదు. మీ అబ్బాయి ఉన్న రోజులు బిల్లు మీద రాశాం, మీ లెక్కతో తేడా ఉంటే పదో తేదీలోగా చెప్పండి. 31వ తేదీ స్టోర్‌లో మిగిలిన సరుకు విలువ 1,41,200 ఫిబ్రవరి లెక్కలోకి తీసుకుంటాం. పైసలు సర్దగా ఎక్కువ వచ్చిన 26 రూపాయలు ఫిబ్రవరి ఖర్చులో తగ్గిస్తాం."

ఈ ఉత్తరంలో బతిమాలడం లేదు, దబాయించడం లేదు. పలాసలోనో సాలూరులోనో ఉన్న తండ్రి తన కొడుకు చేత చదివించుకున్నా అర్థమవుతుంది. 30 మంది పిల్లల మాట రాయడం కూడా అవసరమే. 165 రూపాయలు ఎక్కడికి పోయాయో తెలిసినప్పుడు చాలామంది తల్లిదండ్రులు ఇంక ఆ మాట ఎత్తరు.

ఫిబ్రవరి బిల్లుకు ఒక మాట ముందే రాసి పెట్టుకోవాలి. ఆ నెలలో 240 మందీ ఒక్క రోజు కూడా మానకుండా ఉన్నారనుకున్నా మెస్ డేస్ 6,720 మాత్రమే, ఎందుకంటే లీపు సంవత్సరం కాకపోతే ఆ నెలకు 28 రోజులే. జీతాలు నెలకు ఇచ్చేవి, రోజులు తగ్గాయని తగ్గవు. 1,48,800ని 6,720తో భాగిస్తే 22 రూపాయల 14 పైసలు. సరుకులతో కలిపి రేటు 102.14. "అందరూ ఉన్నారు, పండగా లేదు, మరి డిసెంబరు కన్నా రెండు రూపాయలు ఎక్కువేటి?" అని ఫోన్ వస్తే, జవాబు క్యాలెండర్‌లో ఆ మూడు రోజులే.